కొత్త బ్రాండుకు వాణిజ్య చిహ్నం: పేరుపై హక్కు ఎంతవరకు?

హైదరాబాదు నగరానికి గుర్తుగా నిలిచిన చార్మినార్ పేరు ఒక సిగరెట్టు పెట్టెపై దశాబ్దాల తరబడి కనిపించింది. ఆ పేరును వాణిజ్య చిహ్నంగా నమోదు చేయించుకున్నది హైదరాబాదుకు చెందిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ. అదే పేరును జర్దా, ఖివామ్‌లపై ఉపయోగించిన మరొక వ్యాపారికీ, ఈ కంపెనీకీ మధ్య తలెత్తిన వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1996లో వెలువడిన ఆ తీర్పు, కొత్తగా బ్రాండు పేరు ఎంచుకునే ప్రతి ఉత్పత్తిదారుకూ నేటికీ వర్తించే ఒక సూత్రాన్ని స్థిరపరిచింది. నమోదైన పేరు దాని యజమానికి అన్ని వస్తువులపైనా సొంతం కాదు. ఏ వస్తువుపై నిజంగా వాడుతున్నారో, ఆ వస్తువు చుట్టూ కొనుగోలుదారు ఎంతవరకు పొరబడగలడో, అంతవరకే రక్షణ విస్తరిస్తుంది.

ఈ విషయాన్ని సులభంగా గ్రహించేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకొనవచ్చును. ఔటర్ రింగు రోడ్డు శ్రీశైలం రహదారిని కలిసే చోట, రంగారెడ్డి జిల్లా మహేశ్వరం ప్రాంతంలోని తుక్కుగూడలో ఒక చిన్న యూనిట్ పచ్చళ్లు, కారప్పొడులు తయారు చేయ సంకల్పించినదనుకుందాం. యూనిట్‌కు ఆహార భద్రతా లైసెన్సు, జి.ఎస్.టి. సంఖ్య, ఉద్యమ్ ధ్రువపత్రం లభించాయి. సీసాలపై అంటించే లేబుళ్లు మాత్రమే అచ్చు కావలసి ఉంది. ఈ దశలో చాలామంది చేసే పొరపాటు ఒకటున్నది. లైసెన్సుపై వ్యాపారం పేరు ఉన్నది గనుక ఆ పేరుపై తమకు హక్కు వచ్చిందని భావిస్తారు. వాస్తవానికి ఈ పత్రాలలో ఏ ఒక్కటీ, చివరకు కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చే కంపెనీ పేరు కూడా, వాణిజ్య చిహ్నంపై హక్కును ప్రసాదించదు. ఆ హక్కు 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం కింద నమోదు వలన గాని, మార్కెట్టులో నిజమైన వాడకం వలన గాని మాత్రమే సంక్రమిస్తుంది. ఈ చట్టం 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉన్నది.

ఎటువంటి పేరు నమోదుకు నిలుస్తుంది?

యూనిట్ యజమాని మనసులో మూడు పేర్లు ఉన్నాయనుకుందాం. మొదటిది "తుక్కుగూడ పచ్చళ్లు", రెండవది "అసలు రుచి", మూడవది "వెన్నెల". వీటిలో మొదటిది సరుకు ఎక్కడిదో చెబుతుంది. రెండవది సరుకు ఎలా ఉంటుందో చెబుతుంది. ఊరి పేరునూ, గుణాన్నీ ఆ వ్యాపారంలోని ప్రతి ఒక్కరూ వాడుకోవలసి ఉంటుంది గనుక చట్టంలోని 9వ సెక్షన్ ఇటువంటి పేర్ల నమోదును సాధారణంగా నిరాకరిస్తుంది. దీర్ఘకాల వాడకం వలన ఆ పేరు వినగానే ఫలానా వ్యాపారి సరుకేనని జనం గుర్తించే స్థితి వచ్చినదని దరఖాస్తు తేదీ నాటికి రుజువు చేయగలిగితే మినహాయింపు లభిస్తుంది. నిన్న మొన్న మొదలైన యూనిట్‌కు అటువంటి రుజువు ఉండదు.

మూడవ పేరు భాషలో ఉన్న మాటే అయినా, పచ్చడికీ వెన్నెలకూ సంబంధం లేదు. పచ్చడిలోని ఏ గుణాన్నీ అది వర్ణించదు. కనుక ఈ సరుకుకు అది స్వతంత్రమైన గుర్తుగా పని చేయగలదు. ఇదే మాటను పాల ఉత్పత్తులపై వాడితే అందులోని "వెన్న" అనే ధ్వని కొంత ఇబ్బంది కలిగించవచ్చును. అంటే పేరు బలమైనదా, బలహీనమైనదా అన్న ప్రశ్నకు వస్తువును విడిచి సమాధానం చెప్పడం సాధ్యం కాదు.

పోలికను చూసే పద్ధతి

తరువాతి పని వెదుకులాట. వాణిజ్య చిహ్నాల రిజిస్ట్రీ వెబ్‌సైటు ipindia.gov.in ద్వారా నమోదైన చిహ్నాలనూ, పెండింగులో ఉన్న దరఖాస్తులనూ ఉచితంగా పరిశీలించవచ్చును. ఇక్కడ ఎక్కువగా జరిగే లోపం, తాము అనుకున్న అక్షరక్రమాన్ని యథాతథంగా టైపు చేసి, ఫలితం రాకపోతే పేరు ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకోవడం. తెలుగు మాటను ఇంగ్లీషు లిపిలో పలు విధాలుగా రాయవచ్చును. "వెన్నెల"ను ఒక "ఎన్"తోనూ, రెండు "ఎన్"లతోనూ రాసేవారున్నారు. తమిళంలో అదే అర్థం గల మాట కూడా దాదాపు అదే ధ్వనితో పలుకుతుంది. చట్టం దృష్టిలో ఇవన్నీ ఒకదానితో ఒకటి పోలిక గల చిహ్నాలే. కనుక పదాన్ని బట్టి వెదకడంతో పాటు ధ్వనిని బట్టి వెదికే సౌకర్యాన్ని కూడా ఉపయోగించాలి.

పోలికను నిర్ణయించేందుకు న్యాయస్థానాలు రెండు పేర్లను పక్కపక్కన ఉంచి అక్షరాలు లెక్కించవు. కొనుగోలుదారు ఒక పేరును ఎప్పుడో చూసి ఉంటాడు, అది అతనికి లీలగా మాత్రమే జ్ఞాపకం ఉంటుంది. అటువంటి సామాన్యుడు రెండవ పేరు విన్నప్పుడు అదే సరుకనిగాని, అదే సంస్థ నుండి వచ్చిన మరొక సరుకనిగాని అనుకుంటాడా అన్నదే ప్రశ్న. 1959లో సుప్రీంకోర్టు ఒక వివాదంలో ఈ కొలమానాన్ని అన్వయించింది. గ్లూకోజు పొడికి "గ్లూకోవిటా" అనే చిహ్నం ఉండగా, మరొక సంస్థ బిస్కెట్లకు "గ్లూవిటా" అనే పేరు కోరింది. మధ్యలోని ఒక్క అక్షరం లేకపోవడం వలన మొత్తం మీద కలిగే భావం మారదని కోర్టు అభిప్రాయపడింది.

ఈ తీర్పులో రెండవ అంశం మరింత గమనించదగినది. గ్లూకోజు పొడి వేరు, బిస్కెట్టు వేరు. అయినా బిస్కెట్ల తయారీలో గ్లూకోజును వాడుతారు. అందువల్ల ఈ రెండు సరుకుల మధ్య వ్యాపార సంబంధం ఉన్నదనీ, గ్లూకోజు తయారుచేసినవారే బిస్కెట్లు కూడా తెచ్చారని కొనుగోలుదారు అనుకునే అవకాశం ఉన్నదనీ కోర్టు నిర్ణయించింది. వస్తువులు వేరైనంత మాత్రాన రక్షణ ఆగిపోదని దీని సారాంశం. తుక్కుగూడ యూనిట్ విషయంలో దీని అర్థం స్పష్టం. పచ్చళ్ల తరగతిలో "వెన్నెల" లేకపోయినా, వంట నూనెపై గాని, మసాలా పొడులపై గాని ఆ పేరు ముందే ఉంటే ప్రమాదం ఉన్నట్లే. ఒకే దుకాణంలో, ఒకే అరలో, ఒకే వంటింటి కోసం కొనే సరుకులవి.

తరగతి సంఖ్య అంటే ఏమిటి?

వస్తువులనూ, సేవలనూ అంతర్జాతీయ నైస్ వర్గీకరణ ప్రకారం 45 తరగతులుగా విభజించారు. 1 నుండి 34 వరకు వస్తువులు, 35 నుండి 45 వరకు సేవలు. పచ్చళ్లు, వంట నూనెలు, నెయ్యి, పాల ఉత్పత్తులు, మాంసం 29వ తరగతిలోకి వస్తాయి. మసాలాలు, కాఫీ, టీ, బియ్యం, పిండి వంటివి 30వ తరగతిలోకి వస్తాయి. హోటలులో భోజనం వడ్డించడం 43వ తరగతికి చెందిన సేవ. కనుక ఉదాహరణలోని యూనిట్ పచ్చళ్లకు 29, కారప్పొడులకు 30, మొత్తం రెండు తరగతులు కోరవలసి ఉంటుంది.

2017 నాటి నియమావళి ప్రకారం వ్యక్తులు, అంకుర సంస్థలు, చిన్న పరిశ్రమలు టి.ఎం.-ఎ ఫారాన్ని ఆన్‌లైనులో దాఖలు చేస్తే ఒక్కొక్క తరగతికి రూ. 4,500 రుసుము చెల్లించాలి. ఇతరులకు రూ. 9,000. ఉద్యమ్ ధ్రువపత్రం పేరుపై హక్కు ఇవ్వకపోయినా, ఈ రుసుము తగ్గింపుకు మాత్రం ఉపకరిస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు రిజిస్ట్రీ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

అయితే తరగతి అనేది పరిపాలనా సౌలభ్యం కోసం, రుసుము లెక్క కోసం ఏర్పరచిన గూడు వంటిది. ఒకే తరగతిలో ఉన్న వస్తువులన్నీ ఒకదానికొకటి సన్నిహితమైనవి కావు. వేర్వేరు తరగతులలో ఉన్నవి సంబంధం లేనివీ కావు. పచ్చడి, మాంసం ఒకే తరగతిలో ఉండగా, పచ్చడి, కారప్పొడి వేర్వేరు తరగతులలో ఉండడమే ఇందుకు నిదర్శనం. చార్మినార్ వివాదం సరిగ్గా ఈ అంశంపైనే నడిచింది.

చార్మినార్ తీర్పు

వజీర్ సుల్తాన్ కంపెనీ నమోదు 34వ తరగతిలో "తయారు చేసిన పొగాకు" అనే విశాలమైన వర్ణనతో ఉన్నది. కంపెనీ ఆ చిహ్నాన్ని సిగరెట్లపై వాడింది. విష్ణుదాస్ కిషన్‌దాస్ పేరిట వ్యాపారం చేస్తున్న మరొకరు నమిలే జర్దాపైనా, ఖివామ్ అనే పొగాకు లేహ్యంపైనా "చార్మినార్" పేరును వాడుతూ నమోదు కోరారు. జర్దా, ఖివామ్ కూడా తయారు చేసిన పొగాకే గనుక పాత నమోదు అడ్డు వచ్చింది. కంపెనీ ఎన్నడూ వాటిని తయారు చేయలేదు గనుక రిజిస్టరును సవరించాలని వారు అప్పుడు అమలులో ఉన్న 1958 నాటి చట్టం కింద కోరారు.

సుప్రీంకోర్టు ఈ వాదనతో ఏకీభవించింది. విశాలమైన వర్ణన కింద నమోదు పొందిన వ్యాపారి, అందులోని ఒకటి రెండు వస్తువులనే తయారు చేస్తూ, మిగిలినవాటిని తయారు చేసే నిజమైన ఉద్దేశం లేనప్పుడు, ఆ వర్ణనలోకి వచ్చే వస్తువులన్నింటిపైనా గుత్తాధిపత్యం అనుభవించనివ్వరాదని పేర్కొన్నది. సిగరెట్టు, జర్దా, ఖివామ్ అన్నీ పొగాకు నుండి వచ్చినవైనా వేర్వేరు వస్తువులేనని పరిగణించింది. కంపెనీ నమోదు సిగరెట్లకు పరిమితమైంది.

నేటి చట్టంలో ఈ నియమం 47వ సెక్షన్‌లో ఉన్నది. చిహ్నం రిజిస్టరులో చేరిన తేదీ నుండి వరుసగా 5 సంవత్సరాలు, అంతకు మించి వాడకం లేకపోతే, దానివల్ల ఇబ్బంది పడినవారు తొలగింపు కోరవచ్చును. తొలగింపు దరఖాస్తు తేదీకి ముందు 3 నెలలలో ప్రారంభించిన వాడకం లెక్కలోకి రాదు. ప్రమాదం పసిగట్టి హడావుడిగా నాలుగు సీసాలు అమ్మినవారికి రక్షణ ఉండదన్న మాట. కనుక తుక్కుగూడ యూనిట్ 29వ తరగతిలోని సరుకులన్నీ జాబితాలో రాసివేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. పైగా జాబితా విస్తరించిన కొద్దీ ముందే ఉన్న యజమానులతో ఘర్షణ పెరిగి, అసలు సరుకైన పచ్చడి నమోదు కూడా ఆలస్యమవుతుంది. నేడు తయారు చేస్తున్నవీ, సమీప భవిష్యత్తులో నిజంగా తయారు చేయదలచినవీ మాత్రమే పేర్కొనడం మేలు.

నందిని వివాదం

చార్మినార్ సూత్రాన్ని 2018లో సుప్రీంకోర్టు మరొక కేసులో అన్వయించింది. కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య 1985 నుండి పాలు, పాల ఉత్పత్తులపై "నందిని" చిహ్నాన్ని వాడుతున్నది. బెంగళూరులో ఆంధ్ర వంటకాలకు పేరు పొందిన నందిని డీలక్స్ రెస్టారెంటు 1989లో వ్యాపారం మొదలుపెట్టి, తరువాత 29, 30 తరగతులలోని పలు ఆహార పదార్థాలకు తన చిహ్నం నమోదు కోరింది. ఇంగ్లీషులో రెండు పేర్లకూ తేడా ఒక్క "హెచ్" అక్షరమే. తరగతులు కూడా అవే. రిజిస్ట్రీ 2007లో రెస్టారెంటుకు అనుకూలంగా, మేధో సంపత్తి అప్పిలేటు బోర్డు 2011లో ప్రతికూలంగా నిర్ణయించాయి. 2014లో హైకోర్టు బోర్డు నిర్ణయాన్నే సమర్థించింది.

జస్టిస్ ఎ.కె. సిక్రి, జస్టిస్ అశోక్ భూషణ్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం 2018 జూలైలో ఈ నిర్ణయాలను తోసిపుచ్చింది. నందిని అనేది దేవతకూ, పురాణంలోని గోవుకూ చెందిన ప్రసిద్ధమైన పేరు గనుక అది సమాఖ్య సృష్టించిన మాట కాదు. సమాఖ్య చిహ్నంలో ఆవు బొమ్మ ఉండగా, రెస్టారెంటు చిహ్నంలో దీపం, "డీలక్స్" అనే మాట ఉన్నాయి. మొత్తంగా చూస్తే వాటి రూపు వేరు. తరగతి ఒకటే అయినా వస్తువులు వేరు. ఈ కారణాలతో కోర్టు రెస్టారెంటుకు నమోదును అనుమతిస్తూ, పాలు, పాల ఉత్పత్తులను మాత్రం దాని జాబితా నుండి మినహాయించింది. పోలిక గల రెండు పేర్ల మధ్య సరిహద్దు గీత తరగతి సంఖ్య వెంబడి గాక, సరుకు వెంబడి సాగిందని ఈ మినహాయింపు తెలుపుతుంది.

గ్లూకోవిటా, నందిని తీర్పులు పైకి పరస్పర విరుద్ధంగా కనిపించవచ్చును. మొదటిదానిలో వేర్వేరు సరుకులైనా రెండవ పేరును అడ్డుకున్నారు. రెండవదానిలో ఒకే తరగతి అయినా అనుమతించారు. నిజానికి రెండింటిలోనూ అడిగిన ప్రశ్న ఒకటే, కొనుగోలుదారు పొరబడతాడా? కల్పించిన మాటకు అడ్డుగోడ విశాలంగా ఉంటుంది. దేవతల పేర్లు, అందరికీ పరిచితమైన మాటలు ఎంచుకున్నవారికి ఆ గోడ వారి సరుకు చుట్టూ మాత్రమే లేస్తుంది.

నమోదు దాటి ఉన్న హద్దులు

దరఖాస్తును పరిశీలించిన అధికారి అభ్యంతరాలు తెలిపితే, నివేదిక అందిన 30 రోజులలో జవాబు దాఖలు చేయాలి. దరఖాస్తు అంగీకారం పొందాక వాణిజ్య చిహ్నాల పత్రికలో ప్రకటిస్తారు. ఆ ప్రకటన నుండి 4 నెలల లోపు ఎవరైనా వ్యతిరేకత తెలుపవచ్చును. అన్నీ దాటి నమోదైతే, దరఖాస్తు తేదీ నుండి 10 సంవత్సరాల పాటు అది చెల్లుతుంది. ఆపై పదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవాలి. నమోదు కాకముందే లేబుల్‌పై వృత్తంలో "ఆర్" గుర్తు ముద్రించడాన్ని చట్టం నిషేధించింది. ఆ దశలో "టి.ఎం." అని మాత్రమే ముద్రించవచ్చును.

నమోదు పొందినా ఒక ముఖ్యమైన హద్దు మిగిలే ఉంటుంది. చట్టంలోని 34వ సెక్షన్ ముందు నుండి వాడుతున్నవారిని కాపాడుతుంది. ఉదాహరణకు గుంటూరులో ఒక కుటుంబం 2005 నుండి నమోదు లేకుండానే "వెన్నెల" పేరుతో పచ్చళ్లు అమ్ముతున్నదనుకుందాం. తుక్కుగూడ యూనిట్ 2026లో వాడకం ప్రారంభించి నమోదు పొందినా ఆ కుటుంబాన్ని ఆపజాలదు. పైగా తమ పేరు ప్రతిష్ఠలను మరొకరు సొమ్ము చేసుకుంటున్నారని ఆ కుటుంబమే యూనిట్‌పై పాసింగ్ ఆఫ్ దావా వేయవచ్చును. పేరు వాడకానికి నాంది ఎప్పుడన్నది ఇటువంటి దావాలో తొలి ప్రశ్న. అందువల్ల మొదటి బిల్లు, మొదటి లేబుల్ ముద్రణ రసీదు, మొదటి ప్రకటన ప్రతి తేదీతో సహా భద్రపరచడం అవసరం. రిజిస్టరులో కనిపించని ఇటువంటి పాత వ్యాపారుల కోసం మార్కెట్టులోనూ, ఆన్‌లైను దుకాణాలలోనూ విచారించకుండా వెదుకులాట పూర్తి కాదు.

మరొక హద్దు దేశ సరిహద్దు. భారత నమోదు భారతదేశంలో మాత్రమే చెల్లుతుంది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారికి పచ్చళ్లు ఎగుమతి చేసే యూనిట్‌కు అమెరికాలో దాని వలన రక్షణ లభించదు. భారతదేశం 2013 జూలై 8 నుండి మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో సభ్యదేశంగా ఉన్నది. ఇక్కడి దరఖాస్తు ఆధారంగా ఒకే అంతర్జాతీయ దరఖాస్తు ద్వారా పలు దేశాలను కోరవచ్చును. కాని ప్రతి దేశమూ తన చట్టం ప్రకారం విడిగా పరిశీలిస్తుంది. అంతర్జాతీయ నమోదు తేదీ నుండి తొలి 5 సంవత్సరాలలో మూలమైన భారత దరఖాస్తు విఫలమైతే, దానిపై ఆధారపడిన అంతర్జాతీయ నమోదు కూడా ఆ మేరకు పడిపోతుంది.

సంబంధం లేని సరుకులపై కూడా తన పేరును ఎవరూ వాడరాదని కోరే అవకాశం చట్టంలో లేకపోలేదు. అయితే 29వ సెక్షన్ దానిని భారతదేశంలో ఖ్యాతి పొందిన చిహ్నాలకే పరిమితం చేసింది. ఎదుటివారు తగిన కారణం లేకుండా ఆ ఖ్యాతి నుండి అనుచితమైన లాభం పొందుతున్నారని గాని, దానికి హాని కలిగిస్తున్నారని గాని రుజువు చేయాలి. తుక్కుగూడలో నిన్న ప్రారంభమైన యూనిట్ "వెన్నెల" పేరుతో చీరలు అమ్మే దుకాణాన్ని ఆపలేదు.

పరిశ్రమల శాఖ అధికారులు లబ్ధిదారులకు సలహా ఇచ్చేటప్పుడూ, పాత్రికేయులు ఫలానా సంస్థకు ఫలానా పేరుపై హక్కు దక్కినదని రాసేటప్పుడూ రిజిస్ట్రీ రికార్డులో నాలుగు అంశాలు చూస్తే సరిపోతుంది. దరఖాస్తు స్థితి నమోదా, పెండింగా, వ్యతిరేకతలో ఉన్నదా? నమోదు విడి మాటకా, బొమ్మతో కూడిన లేబుల్‌కా? తరగతి సంఖ్య పక్కన రాసిన సరుకులు ఏవి? వాడకం ఏ తేదీ నుండి అని పేర్కొన్నారు? చార్మినార్ వివాదంలో ఫలితాన్ని తేల్చినది మూడవ ప్రశ్న. కాగితంపై "తయారు చేసిన పొగాకు" అని ఉన్నా, పెట్టెలో ఉన్నది సిగరెట్టు మాత్రమే.